ఖాళీ చానల్ ఉందని ఎవరు చెప్పాలి: రేడియో తనే వినాలా, డేటాబేస్‌ను అడగాలా, సెన్సర్లను కాపలా పెట్టాలా?

ఒకరికి లైసెన్స్ ఇచ్చిన స్పెక్ట్రం అన్ని ఊళ్లలో, అన్ని వేళలా వాడకంలో ఉండదు. వాడని చోట, వాడని సమయంలో ఇంకొకరు వాడుకుని, అసలు హక్కుదారు రాగానే తప్పుకోవచ్చన్నదే డైనమిక్ స్పెక్ట్రం షేరింగ్. వినడానికి తేలికగానే ఉంటుంది. చిక్కంతా ఒక్క ప్రశ్న దగ్గర మొదలవుతుంది: ఈ చానల్ ఇక్కడ, ఇప్పుడు ఖాళీగా ఉందని రేడియోకు ఎవరు చెప్పాలి?

దీనికి మూడు జవాబులున్నాయి. రేడియో తనే చానల్‌ను విని తేల్చుకోవచ్చు. దీన్నే సెన్సింగ్ అంటారు. లేదా తన లొకేషన్ చెప్పి, ఇంటర్నెట్ మీద ఉన్న డేటాబేస్‌ను అడగొచ్చు. లేదా హక్కుదారు సిగ్నల్‌ను వినడానికే వేరే సెన్సర్లు పెట్టి, అవి పట్టుకున్న కబురును ఒక సర్వర్ ద్వారా రేడియోలకు చేరవేయొచ్చు. మొబైల్ కంపెనీలు 4జీ, 5జీలను ఒకే బ్యాండ్‌లో నడపడానికి వాడే డీఎస్ఎస్ ఈ లెక్కలోకి రాదు. పేరు అదే అయినా అక్కడ పంచుకునేది ఒకే కంపెనీ, తన స్పెక్ట్రాన్ని తనే.

మన ఇంజినీరింగ్ కాలేజీల్లో ఈసీఈ ఫైనలియర్ ప్రాజెక్టుగా కాగ్నిటివ్ రేడియో తీసుకునేవాళ్లలో ఎక్కువమంది మొదటి పద్ధతినే ఎంచుకుంటారు. పేపర్లూ దాని మీదే ఎక్కువ. ఫీల్డ్‌లో మాత్రం ఎక్కువగా నిలిచినవి మిగతా రెండూ. అలాగని సెన్సింగ్ పనికిరాదని కాదు. ఒకచోట అద్భుతంగా పనిచేసే సెన్సింగ్ ఇంకోచోట లెక్కల ప్రకారమే అసాధ్యం. కాబట్టి ఎంచుకునేటప్పుడు మీ రేడియో ఎంత తెలివైనదన్నది పక్కన పెట్టి, మీరు కాపాడాల్సిన హక్కుదారు ఎలాంటివాడో ముందు చూడాలి. ఇదెందుకో అమెరికా టీవీ బ్యాండ్ కథలో బాగా కనిపిస్తుంది. ఒకే నియంత్రణ సంస్థ అక్కడ ఒక పద్ధతితో మొదలుపెట్టి రెండేళ్లలో మనసు మార్చుకుంది.

రేడియో తనే వింటే

2008 నవంబర్‌లో అమెరికా నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ టీవీ బ్యాండ్‌లోని ఖాళీ చానళ్లను లైసెన్స్ లేని పరికరాలు వాడుకోవచ్చని అనుమతి ఇచ్చింది. అయితే ఆ పరికరాలు డేటాబేస్‌ను అడగడంతో పాటు సొంతంగా వినాలి కూడా. మైనస్ 114 డీబీఎం అంత బలహీనమైన డిజిటల్ టీవీ సిగ్నల్‌నైనా పట్టుకోవాలి. 2011లో వచ్చిన ఐఈఈఈ 802.22 ప్రమాణం ఇంకా కఠినం: మైనస్ 116 డీబీఎం.

ఇంత తక్కువ ఎందుకు? అక్కడి డిజిటల్ టీవీ రిసీవర్‌కు బొమ్మ రావాలంటే దాదాపు మైనస్ 84 డీబీఎం సిగ్నల్ కావాలి. అంటే టీవీ కన్నా మన పరికరం 30 డీబీ, అంటే వెయ్యి రెట్లు, ఎక్కువ చురుగ్గా వినాలని నిబంధన. కారణం ఏమిటంటే, నష్టం జరిగేది టీవీ టవర్‌కు కాదు, ఇంట్లో కూర్చుని చూస్తున్న మనిషి టీవీకి. ఆ టీవీ ఏమీ ప్రసారం చేయదు కాబట్టి అది ఎక్కడుందో వినడం ద్వారా తెలియదు. మనకు వినపడేది టవర్ ఒక్కటే. టీవీ యాంటెనా ఇంటి కప్పు మీద టవర్ వైపు తిరిగి ఉంటే, మన పరికరం కింద గోడల మధ్య ఉండొచ్చు. టీవీకి బాగా అందుతున్న సిగ్నలే మనకు పదుల డీబీలు తగ్గి అందుతుంది. ఆ తేడాను పూడ్చడానికే ఈ 30 డీబీ.

ఇప్పుడు అసలు లెక్క చూద్దాం. అమెరికా టీవీ చానల్ వెడల్పు 6 మెగాహెర్ట్జ్. గది ఉష్ణోగ్రతలో థర్మల్ నాయిస్ హెర్ట్జ్‌కు మైనస్ 174 డీబీఎం. 6 మెగాహెర్ట్జ్‌కు దానికి 67.8 డీబీ కలపాలి, అప్పుడు మైనస్ 106 అవుతుంది. మామూలు రిసీవర్ నాయిస్ ఫిగర్ 7 డీబీ అనుకుంటే నాయిస్ మట్టం మైనస్ 99 డీబీఎం దగ్గర తేలుతుంది. మనం పట్టుకోవాల్సిన సిగ్నల్ మైనస్ 114. అంటే సిగ్నల్ నాయిస్ కంటే 15 డీబీ కింద ఉంది.

నాయిస్ కింద ఉన్నదాన్ని ఎనర్జీ డిటెక్షన్‌తో, అంటే చానల్‌లో వచ్చే మొత్తం పవర్‌ను కొలిచి, పట్టుకోవచ్చా? పుస్తకం ప్రకారం పట్టుకోవచ్చు. నాయిస్ పవర్ కచ్చితంగా తెలిస్తే, 90 శాతం డిటెక్షన్, 10 శాతం ఫాల్స్ అలారం కోసం సుమారు 6,800 శాంపిళ్లు చాలు. సెకనుకు 60 లక్షల శాంపిళ్లు తీసే రేడియోకు అది ఒక మిల్లీసెకను పైచిలుకు పని. ప్రాజెక్ట్ రిపోర్టుల్లో కనిపించే అందమైన ఆర్ఓసీ కర్వ్‌లన్నీ ఈ ఊహ మీద గీసినవే.

నిజంగా రేడియో పట్టుకుని కూర్చుంటే నాయిస్ పవర్ కచ్చితంగా ఎప్పుడూ తెలియదు. చిప్ వేడెక్కితే మారుతుంది, గెయిన్ కాస్త జరిగితే మారుతుంది, పక్కింటి ఎల్ఈడీ బల్బు వెలిగినా మారుతుంది. ఈ అనిశ్చితి ఉన్నప్పుడు ఒక ఎస్ఎన్ఆర్ కన్నా కింద ఎనర్జీ డిటెక్టర్ ఎంతసేపు విన్నా తేల్చలేదు. దీన్ని ఎస్ఎన్ఆర్ వాల్ అంటారు. రాహుల్ టండ్రా, అనంత్ సహాయ్ 2008లో దీన్ని గణితంగా నిరూపించారు. అనిశ్చితి ρ రెట్లు అనుకుంటే ఆ గోడ `(ρ² − 1)/ρ` దగ్గర ఉంటుంది. మీరే వేసి చూడొచ్చు:

```python
import math
for u in (1.0, 0.5, 0.1):
    r = 10 ** (u / 10)
    print(u, round(10 * math.log10((r*r - 1) / r), 1))
```

నాయిస్ 1 డీబీ అటూ ఇటూ అయితే గోడ మైనస్ 3.3 డీబీ దగ్గర వస్తుంది. అర డీబీ అయితే మైనస్ 6.4. పదో వంతు డీబీ కచ్చితత్వం సాధించినా మైనస్ 13.4 దగ్గరే ఆగిపోతారు. మనకు కావాల్సింది మైనస్ 15. చౌక రిసీవర్ సంగతి సరేసరి, మంచి ల్యాబ్ పరికరంతో కూడా ఫీల్డ్‌లో పదో వంతు డీబీ నిలబెట్టడం కష్టం. అంటే ఈ పనికి ఎనర్జీ డిటెక్షన్‌ను ఎంచుకోవడం మొదటి రోజే తప్పు. సెన్సింగ్ సమయం పెంచడం, యాంటెనా మార్చడం దాన్ని సరిదిద్దలేవు.

అలాంటప్పుడు సిగ్నల్ ఆకారం తెలిసి ఉంటే పని సులువవుతుంది. అమెరికా డిజిటల్ టీవీ సిగ్నల్‌లో, చానల్ కింది అంచు నుంచి సుమారు 309 కిలోహెర్ట్జ్ పైన ఒక పైలట్ టోన్ ఉంటుంది. దాని పవర్ మిగతా సిగ్నల్ కన్నా 11.3 డీబీ తక్కువ. తక్కువే అయినా అంతా ఒకే ఫ్రీక్వెన్సీలో ఉంటుంది. దాని చుట్టూ 10 కిలోహెర్ట్జ్ మాత్రమే వదిలే ఫిల్టర్ పెడితే నాయిస్ మైనస్ 127 డీబీఎంకు పడిపోతుంది. మైనస్ 114 సిగ్నల్‌లోని పైలట్ మైనస్ 125. ఇందాక నాయిస్ కింద 15 డీబీ లోతులో ఉన్న సిగ్నల్ ఇప్పుడు దాదాపు 2 డీబీ పైకి వచ్చింది. 1 డీబీ అనిశ్చితి ఉన్నా గోడ మైనస్ 3.3 దగ్గరే కాబట్టి మనకు చోటు దొరికింది. ఒకే టీవీ ప్రమాణం ఉన్న బ్యాండ్‌లో సెన్సింగ్ చేయక తప్పకపోతే నేను పైలట్‌నే ఎంచుకుంటాను. దానికీ ఒక బలహీనత ఉంది. మల్టీపాత్ ఫేడింగ్‌లో సరిగ్గా ఆ ఇరుకు ఫ్రీక్వెన్సీ దగ్గరే గుంట పడితే, మిగతా చానల్ అంతా బాగున్నా పైలట్ మాయమవుతుంది. యాంటెనాను అర మీటరు జరిపి మళ్లీ కొలిస్తే ఇది బయటపడుతుంది.

ఇంకో చిక్కు వైర్‌లెస్ మైక్. అమెరికాలో ఇవి కూడా చాలావరకు టీవీ బ్యాండ్‌లోనే పనిచేస్తాయి, కొన్నింటికి లైసెన్స్ కూడా ఉంటుంది. 200 కిలోహెర్ట్జ్ వెడల్పు, తక్కువ పవర్, నాటకం మొదలయ్యే ముందు ఆన్ చేసి అయిపోగానే ఆపేస్తారు. పైలట్ లేదు, అన్ని కంపెనీలకూ ఒకే ఆకారం లేదు. 2008లో ఎఫ్‌సీసీ ప్రోటోటైప్ పరికరాలను ఫీల్డ్‌లో పరీక్షించినప్పుడు అవి తడబడింది ముఖ్యంగా వీటి దగ్గరే.

కలిసి వింటే మెరుగవుతుందా?

ఒక రేడియో గోడ చాటున ఉంటే ఇంకోటి బయట ఉండొచ్చు కదా, నాలుగైదు కలిసి వింటే సరిపోతుంది అనే ఆలోచన సహజం. ఒక్కో రేడియో 60 శాతం సార్లే పట్టుకుంటుందనుకుందాం. ఐదింటిలో ఏ ఒక్కటి విన్నా చానల్ నిండినట్టే అనుకుంటే డిటెక్షన్ 99 శాతానికి చేరుతుంది. అయితే ఒక్కోదాని ఫాల్స్ అలారం 10 శాతం అయితే, ఐదింటికీ కలిపి అది 41 శాతం అవుతుంది. దాదాపు ప్రతి ఐదు సార్లలో రెండు సార్లు, ఖాళీ చానల్‌ను కూడా వదిలేసుకుంటారు. హక్కుదారు క్షేమం, మన వాడకం పడిపోయింది.

పైగా ఈ లెక్క ఐదు రేడియోలూ ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా వింటాయని అనుకుంటుంది. ఒకే అపార్ట్‌మెంట్‌లోని ఐదు ఫోన్లు ఒకే భవనం నీడలో ఉంటాయి. ఒకదానికి వినపడనిది మిగతా నాలుగింటికీ వినపడదు. అందుకే కలిసి వినే పద్ధతి ఎంచుకుంటే రేడియోల సంఖ్య పెంచే కన్నా వాటి మధ్య దూరం పెంచడం మేలు.

డేటాబేస్‌ను అడిగితే

2010లో ఎఫ్‌సీసీ తన నిబంధన మార్చింది. లొకేషన్ తెలుసుకుని డేటాబేస్‌ను అడిగే పరికరాలకు సెన్సింగ్ తప్పనిసరి కాదు. సెన్సింగ్ మీదే ఆధారపడే పరికరాలకు కూడా దారి వదిలిపెట్టింది, కాకపోతే 50 మిల్లీవాట్ల పరిమితితో. డేటాబేస్ పరికరాల్లో స్థిరమైనవాటికి 4 వాట్ల వరకు, ఆ తర్వాతి సంవత్సరాల్లో పల్లెప్రాంతాల్లో ఇంకా ఎక్కువ అనుమతి వచ్చింది. 50 మిల్లీవాట్లతో పల్లె నుంచి పల్లెకు లింక్ వేయలేరు. కాబట్టి వ్యాపారం చేసేవాళ్లకు ఎంపిక అక్కడే తేలిపోయింది.

పని చాలా సాదాగా ఉంటుంది. పరికరం తన అక్షాంశ రేఖాంశాలు, యాంటెనా ఎత్తు, రకం పంపుతుంది. డేటాబేస్ దగ్గర ప్రతి టీవీ టవర్ చోటు, ఎత్తు, పవర్ ఉంటాయి. ప్రతి టవర్ కవరేజీ ఎంత దూరమో లెక్కగట్టి, దాని చుట్టూ రక్షణ దూరం కలిపి, మిగిలిన చానళ్లు ఏవి, ఎంత పవర్‌తో వాడొచ్చో తిరిగి పంపుతుంది. పరికరం క్రమం తప్పకుండా మళ్లీ అడుగుతూ ఉండాలి. పెద్ద కార్యక్రమాల్లో వాడే లైసెన్స్ మైక్‌ల వివరాలను ముందే నమోదు చేసుకోవచ్చు. ఈ సంభాషణకు 2015లో, ఇంటర్నెట్ ప్రమాణాలు రాసే ఐఈటీఎఫ్ ఒక ప్రోటోకాల్ కూడా రాసింది, ఆర్ఎఫ్‌సీ 7545. ప్రాజెక్టుగా చేయాలనుకునేవాళ్లు అందులోని `AVAIL_SPECTRUM_REQ`, `AVAIL_SPECTRUM_RESP` సందేశాలతో మొదలుపెడితే ఒక సెమిస్టర్‌లో చిన్న నమూనా తయారవుతుంది.

సెన్సింగ్‌తో పోలిస్తే దీని అసలు బలం వేరే ఉంది. ఇది ట్రాన్స్‌మిటర్‌ను కాకుండా రిసీవర్‌ను కాపాడుతుంది. టీవీ ఎక్కడుందో డేటాబేస్‌కూ తెలియదు. కానీ కవరేజీ ప్రాంతంలో ఏ ఇంట్లోనైనా ఉండొచ్చని అనుకుని ఆ ప్రాంతం మొత్తాన్ని వదిలేస్తుంది. మన పరికరం గోడ చాటున ఉందా, బేస్‌మెంట్‌లో ఉందా అన్న దానితో పని లేదు.

తప్పులు ఇక్కడ వేరే చోట నుంచి వస్తాయి. డేటాబేస్ చెప్పేది దానికి మనం చెప్పిన దాని మీదే ఆధారపడుతుంది. 2015లో అమెరికా బ్రాడ్‌కాస్టర్ల సంఘం ఎన్ఏబీ, నమోదైన పరికరాల వివరాల్లో తప్పుడు పేర్లు, తప్పుడు లొకేషన్లు కుప్పలుగా ఉన్నాయని ఎఫ్‌సీసీకి ఫిర్యాదు చేసింది. అప్పట్లో స్థిరమైన పరికరాల లొకేషన్‌ను ఇన్‌స్టాల్ చేసే మనిషి చేత్తో టైప్ చేసేవాడు. ఆ తర్వాత 2019లో పరికరమే తన లొకేషన్ కనుక్కోవాలన్న నిబంధన వచ్చింది. సెన్సింగ్‌లో పొరపాటు ఫిజిక్స్ వల్ల వస్తే, డేటాబేస్‌లో ఎక్కువగా మనిషి నిర్లక్ష్యం వల్ల వస్తుంది. రెండోదాన్ని ఆడిట్ చేసి సరిదిద్దొచ్చు. అందుకే నాకు డేటాబేస్ మీద నమ్మకం ఎక్కువ.

రెండో లోటు, డేటాబేస్ అతిజాగ్రత్తగా ఉంటుంది. కొండ వెనుక ఉన్న లోయలో టీవీ సిగ్నల్ అసలు రాకపోయినా, లెక్క ప్రకారం కవరేజీలో ఉంటే ఆ చానల్ ఇవ్వదు. ఖాళీగా ఉన్న స్పెక్ట్రం ఖాళీగానే మిగిలిపోతుంది. మూడోది, ఇంటర్నెట్ లేని ఊరికి ఇంటర్నెట్ ఇవ్వడానికి పెట్టే పరికరం ముందు ఇంటర్నెట్‌లో డేటాబేస్‌ను అడగాలి. ఆచరణలో ఇది పెద్ద సమస్య కాదు. ఫైబర్ ఉన్న చోట బేస్ స్టేషన్ అడిగి, దాని కింద ఉన్న పరికరాలకు చెబుతుంది.

సెన్సర్లను కాపలా పెడితే

హక్కుదారు ఎక్కడుందో చెప్పడానికి ఇష్టపడకపోతే ఏం చేయాలి? అమెరికాలో 3,550 నుంచి 3,700 మెగాహెర్ట్జ్ వరకున్న సీబీఆర్ఎస్ బ్యాండ్‌లో సరిగ్గా ఇదే ఎదురైంది. అక్కడ పై హక్కు నేవీ ఓడల మీది రాడార్లది. ఓడ కదులుతూ ఉంటుంది, ఏ రేవుకు ఎప్పుడు వస్తుందో నేవీ డేటాబేస్‌లో రాసి పెట్టదు. కాబట్టి తీరం పొడవునా సెన్సర్లు పెట్టారు. వీటిని ఈఎస్‌సీ అంటారు. అవి రాడార్‌ను వినగానే ఎస్ఏఎస్ అనే సర్వర్‌కు కబురు పంపుతాయి. ఎస్ఏఎస్ ఆ ప్రాంతంలో ఎవరెవరి వల్ల రాడార్‌కు ఇబ్బందో కలిపి లెక్కగట్టి, వాళ్లను వేరే ఫ్రీక్వెన్సీకి పంపుతుంది లేదా ఆపేస్తుంది. రాడార్ ఎక్కడుందో, ఎటు కదిలిందో ఈఎస్‌సీ నిల్వ చేయకూడదని నిబంధనలోనే ఉంది.

సెన్సర్ ఒక మెగాహెర్ట్జ్‌లో మైనస్ 89 డీబీఎం స్థాయి రాడార్ పల్స్‌ను 60 సెకన్ల లోపల, 99 శాతం కచ్చితత్వంతో పట్టుకోవాలి. ఆ తర్వాత 300 సెకన్ల లోపల ఎస్ఏఎస్ అందర్నీ తప్పించాలి. ఇందాకటి నాయిస్ లెక్క ఇక్కడా వేయండి. ఒక మెగాహెర్ట్జ్‌లో, అదే 7 డీబీ నాయిస్ ఫిగర్‌తో, నాయిస్ మైనస్ 107. రాడార్ దానికన్నా 18 డీబీ పైన ఉంది. టీవీ విషయంలో 15 డీబీ కింద వెతకాల్సి వచ్చింది. టీవీ బ్యాండ్‌లో వదిలేసిన సెన్సింగే ఇక్కడ పనిచేయడానికి పెద్ద కారణం ఈ 33 డీబీల తేడా. ఇంకో కారణం సెన్సర్ల చోటు. అవి ఎవరి జేబులోనో, గోడల మధ్యో ఉండవు. సముద్రం బాగా కనిపించేలా ఎంచిన చోట, ఎత్తుగా ఉంటాయి.

ఖర్చు మాత్రం చిన్నది కాదు, పైగా ఊహించని చోట పడింది. సెన్సర్ రాడార్‌ను వినాలంటే దాని పక్కన అదే బ్యాండ్‌లో సీబీఆర్ఎస్ బేస్ స్టేషన్లు గట్టిగా ప్రసారం చేయకూడదు. అందుకని ప్రతి సెన్సర్ చుట్టూ పవర్ తగ్గించాల్సిన ప్రాంతం ఏర్పడింది. దాన్ని విస్పర్ జోన్ అంటారు. రాడార్ ఆ రోజు లేకపోయినా ఆ ప్రాంతంలోని ఆపరేటర్ పూర్తి పవర్ వాడలేడు. స్పెక్ట్రం పంచుకోవడానికి పెట్టిన చెవి తనే కొంత స్పెక్ట్రం తినేస్తుంది. తీరానికి దగ్గరలో సీబీఆర్ఎస్ నెట్‌వర్క్ ప్లాన్ చేసేవాళ్లు, అక్కడ ఉద్యోగాలు చేస్తున్న మనవాళ్లతో సహా, సైట్ ఎంచుకునే ముందు చూడాల్సిన మొదటి మ్యాప్ ఇదే.

వైఫై రాడార్‌ను వినే పద్ధతి: నడిచింది, మళ్లీ దెబ్బతింది

సొంతంగా వినే పద్ధతి పెద్ద ఎత్తున వాడకంలో ఉన్న చోటు ఒకటుంది. 5 గిగాహెర్ట్జ్ వైఫైలోని డీఎఫ్ఎస్. అమెరికా నిబంధనల ప్రకారం రూటర్ చానల్ వాడే ముందు 60 సెకన్లు వినాలి. 200 మిల్లీవాట్ల లోపు పరికరమైతే మైనస్ 62 డీబీఎం, ఆ పైనైతే మైనస్ 64 డీబీఎం రాడార్ పల్స్ వినపడితే 10 సెకన్లలో చానల్ ఖాళీ చేసి, 30 నిమిషాల పాటు అటు వెళ్లకూడదు.

మైనస్ 62 అంటే నాయిస్ కన్నా చాలా పైన. ఇంత మొరటు చెవితో రాడార్ క్షేమంగా ఉంటుందా? ఉంటుంది. మామూలు రాడార్‌లో ప్రసారం చేసేదీ, తిరిగి వినేదీ ఒకే యాంటెనా. దారి రెండు వైపులా ఒకటే. రాడార్ నుంచి మనకు ఎంత నష్టంతో సిగ్నల్ వస్తుందో, మన నుంచి దానికీ అంతే నష్టంతో వెళ్తుంది. రాడార్ పవర్ చాలా ఎక్కువ కాబట్టి అది మనకు మైనస్ 62 కన్నా తక్కువగా వినపడితే, మన చిన్న పవర్ దానికి ఇబ్బంది కానంత దూరంలో ఉన్నామని అర్థం. టీవీలో ఈ సౌకర్యం లేదు. అక్కడ మాట్లాడేది టవర్, దెబ్బతినేది ఎక్కడో ఉన్న ఇల్లు.

అయినా 2009 ప్రాంతంలో ప్యూర్టోరికోలోని శాన్ హువాన్ దగ్గర మొదలుకొని, విమానాశ్రయాల్లో గాలి మార్పులను చూసే టీడీడబ్ల్యూఆర్ వాతావరణ రాడార్లకు అంతరాయం వచ్చింది. ఇవి 5,600 నుంచి 5,650 మెగాహెర్ట్జ్‌లో పనిచేస్తాయి. దర్యాప్తులో ఎక్కువగా దొరికినవి ఇళ్లలోని రూటర్లు కావు, ఎత్తుగా బయట పెట్టిన పాయింట్ టు పాయింట్ లింకులు. కొన్నింటిలో డీఎఫ్ఎస్ ఆపేసి ఉంది. డీఎఫ్ఎస్ వల్ల లింక్ అప్పుడప్పుడు తెగుతుందని కస్టమర్లు విసిగిస్తే, సెట్టింగ్ మార్చేసే టెక్నీషియన్ ఏ దేశంలోనైనా ఉంటాడు. వాడే మనిషి చేతిలో ఆఫ్ బటన్ ఉన్న ఏ సెన్సింగ్ అయినా హక్కుదారుకు రక్షణ కాదు. డేటాబేస్ పద్ధతిలో అనుమతి గడువు అయిపోతే పరికరం ఆగిపోవాలి. రెండింటిలో నిబంధనను దాటేయడం కష్టమయ్యేది డేటాబేస్‌లోనే.

మరి మీకు ఏది?

హక్కుదారు ట్రాన్స్‌మిటర్ ఒకచోట, రిసీవర్లు ఇంకోచోట, పైగా రిసీవర్లు మౌనంగా ఉంటే (టీవీ అలాంటిదే) వినడం మీద ఆధారపడకండి. ట్రాన్స్‌మిటర్లు కదలకుండా, వాటి వివరాలు ప్రభుత్వ రికార్డుల్లో ఉంటే డేటాబేస్ దాదాపు ఎప్పుడూ గెలుస్తుంది. హక్కుదారు కదులుతూ ఉన్నా, తన చోటు చెప్పకపోయినా, సిగ్నల్ నాయిస్ కన్నా బాగా పైన ఉంటే సెన్సర్ల కాపలా సరైనది. రాడార్‌లా వినేది, మాట్లాడేది ఒకే యాంటెనా అయి, మీ పవర్ తక్కువైతే పరికరమే వినడం సరిపోతుంది. హక్కుదారు కదులుతూ, సిగ్నల్ నాయిస్ కింద ఉండి, రిసీవర్ మౌనంగా ఉంటే (వైర్‌లెస్ మైక్ దీనికి దగ్గర) మూడింటిలో ఏదీ ఒంటరిగా చాలదు. అలాంటి వాటికి ముందుగా నమోదు చేసుకునే ఏర్పాటో, వాటికోసమే వదిలేసిన చానళ్లో కావాలి.

మన దేశం టీవీ బ్యాండ్‌కు ఇదే కొలత పెడితే జవాబు తేలిగ్గా వస్తుంది. భూమి మీది టవర్ల నుంచి టీవీ ప్రసారం చేసేది దూరదర్శన్ ఒక్కటే. 470 నుంచి 590 మెగాహెర్ట్జ్ మధ్య 8 మెగాహెర్ట్జ్ చానళ్లు పదిహేనున్నాయి. ఐఐటీ బాంబే వాళ్లు టవర్ల వివరాలతో లెక్కగట్టి 2014లో ప్రచురించిన దాని ప్రకారం, దాదాపు ఎక్కడ చూసినా వాటిలో కనీసం పన్నెండు ఖాళీ. వాళ్లే మహారాష్ట్రలోని పాల్ఘర్ పల్లెల్లో ఈ బ్యాండ్‌తో ఇంటర్నెట్ ప్రయోగం కూడా చేశారు. ఇంత ఖాళీ ఉన్నచోట నాయిస్ కింద 15 డీబీ లోతుకు వెళ్లి వెతకాల్సిన పనే లేదు. కొద్దిపాటి టవర్ల జాబితా, అతిజాగ్రత్తతో వేసిన కవరేజీ లెక్క చాలు. డేటాబేస్ కొన్ని చానళ్లు అనవసరంగా వదిలేసినా ఇక్కడ ఎవరికీ లోటు కాదు. ఒక మాట మాత్రం గుర్తుంచుకోవాలి. చానల్ ఖాళీగా ఉందని తేలినంత మాత్రాన అందులో ప్రసారం చేసే హక్కు రాదు. ప్రయోగానికైనా టెలికం శాఖలోని డబ్ల్యూపీసీ నుంచి లైసెన్స్ కావాలి.

ఇవన్నీ చదివాక కూడా ప్రాజెక్టుగా సెన్సింగే చేయాలనుకుంటే చేయండి, అందులో నేర్చుకునేది చాలా ఉంది. సిమ్యులేషన్ దగ్గర మాత్రం ఆగొద్దు. చౌక ఆర్టీఎల్ ఎస్‌డీఆర్ డాంగిల్ అయినా పర్వాలేదు, కాకపోతే అది ఒకేసారి సుమారు 2.4 మెగాహెర్ట్జ్ మాత్రమే చూడగలదు కాబట్టి 8 మెగాహెర్ట్జ్ చానల్‌ను ముక్కలుగా చూడాలి. ముందు ఆటోమేటిక్ గెయిన్ ఆపేయండి. దాన్ని వదిలేస్తే నాయిస్ పవర్ అన్న మాటకే అర్థం ఉండదు. యాంటెనా బదులు 50 ఓమ్‌ల టెర్మినేటర్ పెట్టి, పొద్దున్నుంచి రాత్రి దాకా నాయిస్ పవర్ రికార్డ్ చేయండి. అది ఎన్ని డీబీలు అటూ ఇటూ కదిలిందో అదే మీ అనిశ్చితి, పైన ఇచ్చిన కోడ్‌లోని `u`. ఆ విలువను అందులో వేస్తే మీ పరికరం గోడ ఎక్కడో తెలుస్తుంది.

తర్వాత సిగ్నల్ జనరేటర్ నుంచి కేబుల్‌తో, గాలిలోకి ఏమీ వదలకుండా, అటెన్యుయేటర్ ద్వారా సిగ్నల్ ఇచ్చి ఒక్కో డీబీ తగ్గిస్తూ వెళ్లండి. డిటెక్షన్ పడిపోయిన చోట ఆగి, సెన్సింగ్ సమయాన్ని పది రెట్లు పెంచి చూడండి. మెరుగైతే మీకు ఇంకా శాంపిళ్లే తక్కువ. పది రెట్లు, వంద రెట్లు విన్నా అంగుళం కదలకపోతే గోడ దగ్గరికి వచ్చారు. అక్కడి నుంచి పైలట్‌కో, సైక్లిక్ ప్రిఫిక్స్‌కో మారాల్సిందే. రిపోర్టులో ఆర్ఓసీ కర్వ్ కన్నా ఈ రెండు కొలతలే ముందు పెట్టండి. వైవాలో ఎగ్జామినర్ అడిగేది ఎలాగూ నాయిస్ ఎంత అనుకున్నారనే.